జనగామ ఇంట్లో నా సగం

మండలాలు ఇంకా రాని రోజులు. జనగామలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరి రెండేళ్లయింది నాకు. స్టేషన్‌కు అవతలి పక్క ఒక పటేలు ఇంటి వెనుక భాగంలో రెండు అర్రలు, ఒక వంటిల్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం, నేనూ అక్కా. సొంత అక్క కాదు. మహిళా మండలి కుట్టు కేంద్రంలో ఆడపిల్లలకు జాకెట్లు కత్తిరించడం నేర్పేది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. భర్త ఇంకొకామెను ఇంటికి తెచ్చుకుంటే, తెచ్చుకున్న రోజే పెట్టె సర్దుకుని గడప దాటి వచ్చేసిన మనిషి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ ఇల్లు మాకు దొరికింది మేము ఇద్దరం అయినందుకే. పటేలు చెడ్డవాడు కాదు. జఫర్‌గఢ్ పక్కన భూములున్న మనిషి, పిల్లల చదువుల కోసం జనగామలో ఇల్లు కట్టుకున్నాడు. మేము ఆయనను బాపూ అనేవాళ్లం, ఆయన మమ్మల్ని బిడ్డా అనేవాడు. కానీ కిరాయినామా రాయించేటప్పుడు తాలూకా కచేరీ ముందు కూర్చునే ముసలి రాతగానితో ఒక వాక్యం ప్రత్యేకంగా రాయించాడు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఉండాలి, ఒక్కరే ఉండరాదు, ఒకరు వెళ్లిపోతే నెల ముందు రాతపూర్వకంగా చెప్పి, ఇంటి యజమానికి నచ్చిన ఇంకొక ఆడమనిషిని చూపించాలి అని. పదకొండు నెలల కాగితం అది, ఏటా ఉగాదికి కొత్తది రాసుకునేవాళ్లం. నెలకు నూట ఇరవై కిరాయి, మూడు నెలల అడ్వాన్సు. అడ్వాన్సులో సగం నాది, సగం అక్కది. ఇల్లు మొత్తం ఖాళీ అయిన రోజే అది తిరిగి ఇస్తాడు, మధ్యలో ఇవ్వడు.

అక్కతో కాపురం సుఖమని చెప్పలేను. ఆమెకు శుభ్రం పిచ్చి. నేను తాగిన గ్లాసు నేను కడిగినా మళ్లీ కడిగేది. తెల్లవారుజామునే లేచి కుట్టుమిషను తొక్కేది, ఆ చప్పుడుకు నా నిద్ర పాడయ్యేది. నాకు జ్వరం వస్తే మాత్రం కేంద్రానికి సెలవు పెట్టి పక్కన కూర్చునేది. నేను పెళ్లి చేసుకున్నాక కూడా ఏడాది పాటు ఆ ఇంట్లోనే ఉన్నాను, ఎందుకంటే ఆయన ఉద్యోగం మానుకోటలో, నాది జనగామలో. ఆదివారం ఆదివారం ప్యాసింజరు పట్టుకుని పోయి వచ్చేదాన్ని. శనివారం సాయంత్రం నా టిఫిన్ డబ్బాలో రొట్టెలు పెట్టి, స్టేషన్ దాకా వచ్చి ఎక్కించేది అక్క.

ఉగాదికి కొత్త కాగితం రాసుకున్న రెండు నెలలకు నా బదిలీ ఉత్తర్వు వచ్చింది. మానుకోటకు. ఆఫీసులో అందరూ మిఠాయి తినిపించమన్నారు. ఆ సంతోషంలో ఇంటికి వచ్చి చెప్తే అక్క కత్తెర కింద పెట్టి, "ఎప్పుడు పోవాలె?" అని మాత్రం అడిగింది. అడిగాక మళ్లీ గుడ్డ కత్తిరించుకుంది. ఆమె ముఖం చూడకుండా నేను సామాను సంగతి మాట్లాడాను. నేను పోతే ఆ ఇల్లు ఆమెకు ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆ వయసులో ఒంటరి ఆడదానికి, పైగా మొగుణ్ని వదిలి వచ్చిన ఆడదానికి, జనగామలో ఇంకో ఇల్లు దొరకదని కూడా తెలుసు.

అందుకని నేనే తిరిగాను. మనిషిని వెతికిపెట్టి పోవడం నా బాధ్యత అనుకున్నాను, అంతవరకు నేను మంచిదాన్నే. మా హెడ్‌క్లర్కు చుట్టాలమ్మాయి ఒకామె నర్సు, భూపాలపల్లి దగ్గరి పల్లె వాళ్లది. జనగామ దవాఖానకు ఉత్తర్వు వచ్చింది, కానీ ఆమె స్థానంలోకి వచ్చే మనిషి ఇంకా రాలేదు కాబట్టి చార్జి అప్పగించి రావడానికి నెల పడుతుందన్నారు. ఆమెకూ ఇల్లు కావాలి. అన్నను వెంటబెట్టుకుని వచ్చి ఇల్లు చూసి పోయింది. నెమ్మదైన పిల్ల. అక్క ఆమెకు చాయ్ ఇచ్చి, ఆ గ్లాసు రెండుసార్లు కడిగింది. నచ్చిందని దాన్నిబట్టే అనుకున్నాను.

పటేలుకు ఉత్తరం రాశాను. ఎదురుగా ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వుతాడనుకున్నాను గానీ ఆయన నవ్వలేదు, అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఫలానా నెలాఖరుకు నా భాగం ఖాళీ చేస్తున్నాను. నా చోట ఫలానా నర్సమ్మ వస్తుంది. మిగిలిన నెలల కిరాయికి ఆమె, అక్క కలిసి జవాబుదారులు. మీ దగ్గరున్న అడ్వాన్సులో నా సగం నూట ఎనభై, దాన్ని మీరు నాకు ఇవ్వనక్కరలేదు. నర్సమ్మ నా చేతికి ఇస్తుంది, ఆ సగం ఇకమీద ఆమెదిగా మీ దగ్గర ఉంటుంది. నా కాలంలో వాడిన కరెంటు, పగిలిన కిటికీ అద్దం, వీటిలో నా వంతు అక్క చేతిలో పెట్టి పోతాను. ఇదీ ఆ ఉత్తరం. టైపు చేశాను కూడా. అంత తీరుగా రాసినందుకు నాకు నేనే మురిసిపోయాను.

పటేలు మంచిదే అన్నాడు. నర్సు అంటే ఇంట్లో ముసలామెకు సూది వేయించుకోవచ్చని ఆయన భార్యకూ ఆశ పుట్టింది. చిక్కల్లా ఒక్కటే. నేను పోయిన నాలుగు రోజులకు ఆషాఢం వస్తోంది. ఆషాఢంలో ఇల్లు మారరు. అక్కడ చార్జి అప్పగించినా శ్రావణం దాకా సామాను కదపనని నర్సమ్మ అన్న పట్టుబట్టాడు. దానికి మా వైపు ఒక ఉపాయం ఉంది. ఆషాఢం రాకముందే మంచి రోజు చూసి వచ్చి, పొయ్యి మీద పాలు పొంగించి, ఒక బిందో చాపో ఆ ఇంట్లో పెట్టి పోతే ఇల్లు చేరినట్టే లెక్క. మనిషి తర్వాత ఎప్పుడు వచ్చినా ఫరవాలేదు. పటేలు ఇంటివాళ్లకూ అది సమ్మతమే.

గురువారం నాడు నర్సమ్మ, ఆమె అన్న వచ్చారు. కొత్త గిన్నెలో పాలు పొంగాయి. నా మంచం తీసేసిన మూల ఒక ఇత్తడి బిందె, చుట్టిన చాప పెట్టారు. ఆ పూటే కిరాయినామా తీసుకుని అందరం కచేరీ ముందరి ముసలి రాతగాని దగ్గరికి పోయాం, కాగితం వెనుక నా పేరు కొట్టేసి ఆమె పేరు రాయించడానికి. ముసలాయన సంగతంతా విని కలం తీయలేదు.

"మనిషి వచ్చి పండుకున్నంక పేరు కొట్టెయ్యాలె బిడ్డా," అన్నాడు, "పాలు పొంగినంక గాదు. ఒక్క నెల ఆగితే ఏమైతది?"

ఆగితే ఏమవుతుందో నేను అప్పటికే లెక్కవేసి ఉన్నాను. ఇంకో నెల నా సగం కిరాయి నేను కట్టాలి. నర్సమ్మ అన్న డబ్బు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు, మళ్లీ నెల తర్వాత ఇస్తాడో లేదో. మానుకోటలో మంచం కొనాలి. అంతకంటే పెద్ద సంగతి, నాకు ఆ ఊరితో, ఆ ఇంటితో తెగిపోవాలని ఉంది. ఏడాదిగా సగం ఇంట్లో, సగం పెళ్లిలో బతికి విసిగిపోయి ఉన్నాను. అక్క వైపు చూశాను. నా ముఖంలో అదంతా చదివిందేమో, "కొట్టెయ్యమను. పిల్ల వస్తది గద," అంది.

ముసలాయన గీత గీశాడు. వెనుక రాశాడు, ఫలానా ఆమె సగం అడ్వాన్సు ఫలానా ఆమె పేర మారిందని. పటేలు, అక్క, నర్సమ్మ, నేను, నలుగురం సంతకాలు చేశాం. నర్సమ్మ అన్న నూట ఎనభై నా చేతిలో లెక్కపెట్టాడు. అందులోంచి నా వంతు కరెంటు, అద్దం తీసి అక్కకు ఇచ్చాను. ఎవరికీ ఎవరూ పైసా బాకీ లేకుండా, చేతులు దులుపుకుని మానుకోట బండి ఎక్కాను. ఈసారి కూడా స్టేషన్‌కు వచ్చింది అక్క. టిఫిన్ డబ్బా అప్పటికే మూటలో కట్టేశాను, రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆషాఢమంతా వానలు. కొత్త కాపురం, కొత్త ఆఫీసు, అత్తగారి పథ్యం. అక్క గుర్తుకు రాలేదనను గానీ, నర్సమ్మ వస్తుంది గద అనుకుని గుర్తును పక్కకు పెట్టేదాన్ని.

శ్రావణం సగమయ్యాక కార్డు వచ్చింది. ఆఫీసు చిరునామాకు రాసింది అక్క, ఇంటికి రాయలేదు. నర్సమ్మ ఉత్తర్వు రద్దయిందట. ఆమె స్థానంలోకి రావాల్సిన మనిషి రానే రాలేదు, అందుకని ఆమెను అక్కడే ఉంచేశారు. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆమె అన్న వచ్చి బిందె, చాప తీసుకుపోతూ, కట్టిన నూట ఎనభై ఇమ్మన్నాడట. ఆమె చేతికి ఇచ్చి నన్నడిగితే ఎట్లా అన్నాడట పటేలు. కాగితం మీద మీ దగ్గరే ఉన్నట్టు రాసి ఉంది అన్నాడట నర్సమ్మ అన్న. అదీ నిజమే. ఇల్లు ఖాళీ అయితేనే అడ్వాన్సు వాపసు అని పటేలు తేల్చాడు. ఆ తర్వాత కూర్చుని ఆలోచించుకుంటే, ఇల్లు ఖాళీ చేయించడమే అన్నిటికీ తేలిక దారిగా కనిపించింది ఆయనకు. బ్యాంకులో పనిచేసే ఆయన ఒకరు పెళ్లాంబిడ్డలతో ఇల్లు వెతుక్కుంటున్నాడు.

కార్డు చివర నాలుగు ముక్కలు. "నువ్వు వచ్చి మల్ల నీ పేరు రాయి. ఉట్టి పేరే. నీ సగం కిరాయి నేనే కట్టుకుంట. నెలకొక్క రాత్రి వచ్చి పండుకో, చాలు."

ఆ కార్డును నేను ఎనిమిది రోజులు ఆఫీసు సొరుగులో పెట్టుకున్నాను. మా ఆయనకు చూపించలేదు. చూపిస్తే ఏమంటాడో నాకు నేనే ఊహించుకున్నాను, ఆయన తరపున నేనే వద్దన్నాను. పెళ్లయిన ఆడది వేరే ఊళ్లో ఇల్లు రాయించుకోవడమేమిటి, రేపు అక్కకు ఏ జ్వరమో వస్తే కిరాయి ఎవరు కట్టాలి, అత్తగారికి తెలిస్తే ఏమని చెప్పాలి. ఇవన్నీ ఆయన మాటలుగా నా తలలో తయారు చేసుకున్నాను. తొమ్మిదో రోజు ఆదివారం. ముఖం చెల్లకపోయినా జనగామ పోయాను. ఇంట్లో ఆఫీసు పని అని చెప్పాను.

పటేలు వసారాలో కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. అక్క తలుపు పక్కన నిలబడింది. నేను ఆయనను కాస్త దబాయిద్దామనే పోయాను. పదకొండు నెలలు కాకముందే ఎట్లా ఖాళీ చేయిస్తారని అడుగుదామని. ఆయన ఆ అవసరమే రానీయలేదు.

"నాకేం పగ లేదు బిడ్డా," అన్నాడు. "కాయితంల ఇద్దరి పేర్లుంటే నాకు చాలు. అడిగినోళ్లకు కాయితం చూపిస్త. నువ్వు రాస్తనంటే చెప్పు, ఉగాది దాక నేను నోరిప్ప. బ్యాంకాయనకు ఇంకో ఇల్లు చూపిస్త. నర్సమ్మ అన్న పైసలు నువ్వు ఆయనకు ఇచ్చెయ్యి, నీ సగం మల్ల నీదే అయితది."

అంతే. అంత తేలిక. నా పర్సులో రెండు వందలు ఉన్నాయి కూడా, ఏమవసరమొస్తుందోనని తెచ్చుకున్నవి. రాతగాడు ఆదివారం లేకపోయినా పటేలు ఇంట్లో కలం ఉంది, కాగితం ఉంది. అక్క నా వైపు చూడటం లేదు. నేలను చూస్తోంది. అడిగినట్టు ఉండకూడదని అనుకుందేమో.

"మా ఆయన ఒప్పుకోలేదు బాపూ," అన్నాను నేను.

ఎందుకన్నానో ఇన్నేళ్లూ ఆలోచించాను. భయమని కొన్నాళ్లు అనుకున్నాను. భయం కాదు. తెంపుకున్న తాడు మళ్లీ మెడకు వేసుకోబుద్ధి కాలేదు. నెలకొక రాత్రి వచ్చి ఆ అర్రలో పడుకోవాలని, ఆ గ్లాసుల చప్పుడు, ఆ మిషను చప్పుడు వినాలని, ఆమె ఒంటరితనానికి నేను హామీ ఉండాలని తలచుకుంటేనే ఊపిరాడనట్టయింది. అది చెప్పే ధైర్యం లేక మొగుణ్ని అడ్డం పెట్టుకున్నాను. ఆడదానికి ఆ అడ్డు ఎప్పుడూ చేతికి అందేంత దగ్గర్లోనే ఉంటుంది, ఎవరూ మారుమాట అడగరు.

పటేలు తలూపాడు. "మొగోడు వద్దన్నంక ఏం జేస్తం," అన్నాడు. నెలాఖరు దాకా గడువిచ్చాడు, ఆ లోపల ఇంకో ఆడమనిషి దొరికితే తీసుకురమ్మన్నాడు. ఆ పూట మేమిద్దరం తెలిసిన టీచర్ల ఇళ్లకు, దవాఖానకు, ఒక హాస్టలు వార్డెను దగ్గరికి తిరిగాం. అందరూ తలా ఒక గూట్లో కుదురుకుని ఉన్నారు. విడిగా ఒంటిగదులు కూడా అడిగి చూశాం. ఎంతమంది అని అడిగేవాళ్లు. ఒక్కరే అంటే, చూసి చెప్తామనేవాళ్లు. సాయంత్రం బండికి నేను వచ్చేశాను. "నువ్వొచ్చినవు, గదే శాన," అంది అక్క. ఆ మాటకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

నెలాఖరున ఆమె ఖాళీ చేసింది. పటేలు మాట తప్పలేదు. అక్క సగం అక్కకు, నర్సమ్మ సగం నర్సమ్మ అన్నకు ఇచ్చాడు, సున్నానికి పట్టుకోవాల్సింది కూడా పట్టుకోలేదు. మిగిలిన నెలల కిరాయి అడగలేదు. కాగితం చించేశాడు. అక్క కొన్నాళ్లు కుట్టు కేంద్రంలోనే మిషన్ల మధ్య పడుకుంది. మండలి వాళ్లకు తెలిసి, ఇది పని చేసే జాగా, కాపురం పెట్టే జాగా కాదన్నారు. దానితో పని మానేసింది. ఈ సంగతులన్నీ మా పాత హెడ్‌క్లర్కు పని మీద మానుకోట వచ్చినప్పుడు చెప్పాడు. నేను టైపు చేసుకుంటూ విన్నాను.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం అక్క మా ఇంటికి వచ్చింది. ఆ వేళ నేను సెలవులో ఉన్నాను, మా అత్తగారు ఊరికి పోయి ఉంది, ఆయన పనిలో. చేతిలో పెట్టె, భుజాన ఒక సంచి. మిషను అమ్మేసిందట. కురవిలో తమ్ముని ఇంటికి పోతున్నానంది. ఆ తమ్ముని పెళ్లాం ఈమెకు అన్నం పెట్టి లెక్కచెప్పే మనిషని నాకు తెలుసు, అందుకే జనగామలో ఉండేది ఆమె. చాయ్ ఇచ్చాను. చాలా చిక్కిపోయింది. మా ఇల్లు పొడుగ్గా మూడు అర్రలు. వీధి వైపు అర్రలో ఎవరూ ఉండరు, వడ్ల బస్తాలు రెండు, ఒక విరిగిన కుర్చీ ఉండేవి. తలుపు తీసే ఉంది. ఆమె దాన్ని చూసింది.

"ముందటి అర్ర కిరాయికి ఇస్తరా?" అని అడిగింది. "అడ్వాన్సు పైసలు నా దగ్గరనే ఉన్నయి. ఇంకో మిషను బాకీకి తెచ్చుకుంట. మీ అత్తకు అడ్డం రాను."

ఆయనను అడిగి చెప్తానన్నాను.

అక్క మంచిదంది. చాయ్ తాగిన గ్లాసు తానే లేచి కడిగి బోర్లించింది. కురవి బస్సు నాలుగింటికని, పోవాలని అంది. బస్టాండు దాకా వస్తానంటే ఎండ ఉంది వద్దంది. నేను గడపలోనే నిలబడ్డాను. ఆమె పెట్టె చేయి మార్చుకుంటూ వీధి మలుపు దాటేదాకా చూశాను. సాయంత్రం ఆయన వస్తే ఆమె వచ్చిన సంగతి చెప్పాను. కిరాయి సంగతి చెప్పలేదు.

చలికాలం పోయాక మా ఆయన కురవి వైపు పని మీద పోయి వచ్చి, భోజనం దగ్గర కూర్చుని చెప్పాడు. మీ జనగామ అక్క మిరప చేన్లో కూలికి ఏరుతోంది, దూరం నుంచి గుర్తు పట్టలేకపోయాను, ఆమే పలకరించింది, నువ్వు బాగున్నావా అని అడిగింది అన్నాడు. ఇంకేమైనా అందా అన్నాను. ఏమీ అనలేదన్నాడు. అన్నం కలుపుకుంటూ తల ఎత్తాడు.

"మన ముందటి అర్ర ఖాళీగనే ఉండె గద," అన్నాడు. "అప్పుడు వచ్చినప్పుడే ఉండమనకపోయినవా?"

"ఉండమన్న," అన్నాను. "ఆమెనే వద్దన్నది."

ఆయన నమ్మాడు. పెరుగు వేయమన్నాడు, వేశాను.